పట్టికలోని సామెత, ప్రసంగంలోని సామెత: అనకాపల్లి బెల్లం మార్కెట్ నేపథ్యంగా ఒక గద్యభాగ పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు సామెతలు, జాతీయాలు ముద్రణయుగంలో అకారాది పట్టికల రూపంలో స్థిరపడ్డాయి. పట్టిక ప్రతి సామెతకూ ఒక అర్థాన్ని ఇస్తుంది. వాడుకలో మాత్రం ఆ అర్థం వక్త, శ్రోత, సందర్భాలను బట్టి నిర్ణయమవుతుంది. ఈ భేదం ఎలా ఏర్పడిందో చారిత్రకంగా వివరించి, అనకాపల్లి బెల్లం మార్కెట్ నేపథ్యంగా కూర్చిన ఒక చిన్న గద్యభాగంలో సామెతల, జాతీయాల అర్థనిర్ణయం జరిగే క్రమాన్ని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. సామెతలో చెప్పిన వస్తువు కథాస్థలంలో నిజంగా ఉన్నప్పుడే అర్థనిర్ణయం కఠినమవుతుందనీ, అప్పుడు పట్టికలోని అర్థం అతి తక్కువగా తోడ్పడుతుందనీ ఈ పరిశీలన ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సామెత, జాతీయం, లోకోక్తి, ఛేకోక్తి, లక్షణ, ప్రకరణం, ఉత్తరాంధ్ర, అనకాపల్లి, బెల్లం.

1. ఉపోద్ఘాతం:

పాఠశాల స్థాయి నుంచి పోటీ పరీక్షల వరకు తెలుగు ప్రశ్నపత్రాలలో సామెతలకు, జాతీయాలకు స్థిరమైన స్థానం ఉంది. ఒక గద్యభాగాన్ని ఇచ్చి, అందులో గీత గీసిన జాతీయానికి అర్థం రాయమనడం పరిపాటి. విద్యార్థి సాధారణంగా ముందే కంఠస్థం చేసిన అర్థాన్ని రాస్తాడు. అది తప్పు కాదు కనుక మార్కులు వస్తాయి. అయితే ఆ జవాబు రాయడానికి గద్యభాగాన్ని చదవవలసిన అవసరమే లేదు. గద్యభాగం చదవకుండా చెప్పగలిగినదాన్ని సందర్భార్థం అనలేము.

ఈ పరిస్థితికి కేవలం పరీక్షా విధానాన్ని కారణంగా చెప్పడం సమగ్రం కాదు. దీని వెనుక సామెతలు నోటినుంచి పుస్తకంలోకి చేరిన తీరు ఉంది. ముందుగా ఆ చరిత్రను, తరువాత ఒక గద్యభాగాన్ని పరిశీలిద్దాం.

2. అలంకారశాస్త్రంలో లోకోక్తి, ఛేకోక్తి:

సామెత అర్థం సందర్భాధీనమనే గుర్తింపు భారతీయ సాహిత్యశాస్త్రానికి కొత్తది కాదు. 16వ శతాబ్దికి చెందిన అప్పయ్య దీక్షితులు తన కువలయానందంలో లోకోక్తిని ఒక అలంకారంగా పేర్కొన్నాడు. లోకంలో వాడుకలో ఉన్న మాటను అనుకరించడం లోకోక్తి. ఆ వెంటనే ఛేకోక్తి అనే మరొక అలంకారాన్ని చెప్పాడు. లోకోక్తి తన గర్భంలో మరొక అర్థాన్ని దాచుకుంటే అది ఛేకోక్తి. ఛేకుడంటే నేర్పరి. దీనికి ఆయన ఇచ్చిన ఉదాహరణ పాము కాళ్ళు పాముకే తెలుస్తాయనే భావం గలది. 'పాము కాళ్ళు పాముకెరుక' అనే రూపంలో ఆ మాట తెలుగులో నేటికీ సజీవంగా ఉంది.

ఈ విభజనలో గమనించవలసిన విషయం ఒకటుంది. లోకోక్తికీ ఛేకోక్తికీ మాటల్లో తేడా ఉండనక్కరలేదు. ఒకే సామెత ఒకచోట లోకోక్తిగా మిగులుతుంది, మరొకచోట ఛేకోక్తి అవుతుంది. తేడా అంతా ఎవరు, ఎవరితో, ఎవరు వింటుండగా అన్నారన్న దానిలో ఉంది.

జాతీయం విషయంలో మమ్మటుడు కావ్యప్రకాశంలో చెప్పిన లక్షణావృత్తి ఉపకరిస్తుంది. లక్షణకు మూడు నిమిత్తాలు కావాలి. మొదటిది ముఖ్యార్థానికి బాధ కలగడం, అంటే ఉన్న అర్థం ఆ చోట పొసగకపోవడం. రెండవది లక్ష్యార్థానికి ముఖ్యార్థంతో సంబంధం ఉండడం. మూడవది రూఢి గాని ప్రయోజనం గాని ఉండడం. 'నీళ్ళు నమలడం' అన్నప్పుడు నీళ్ళను నమలడం అసాధ్యం. కనుక ముఖ్యార్థబాధ మాటలోనే ఉంది. 'చేతులు కాలడం' అన్నప్పుడు అసాధ్యమేమీ లేదు, చేతులు నిజంగానే కాలవచ్చు. ఇక్కడ బాధ ఉందో లేదో ప్రకరణమే చెప్పాలి. మొదటి రకం జాతీయాలు తమను తామే ప్రకటించుకుంటాయి. రెండవ రకంవి సాధారణ వాక్యాల మధ్య దాగి ఉంటాయి.

3. పట్టికలోకి చేరిన సామెత:

ముద్రణయుగంలో తెలుగు సామెతల సేకరణకు మైలురాయిగా నిలిచింది మద్రాసు స్టాఫ్ కోర్‌కు చెందిన కెప్టెన్ ఎం. డబ్ల్యు. కార్ 1868లో మద్రాసులో ప్రచురించిన సంకలనం. 'ఆంధ్రలోకోక్తి చంద్రిక' అనే పేరు కూడా దానికి ఉంది. సామెతలను అకారాది క్రమంలో పేర్చి, ఆంగ్లానువాదాన్నీ, అవసరమైనచోట చిన్న వివరణనూ జోడించారు. తెలుగు నేర్చుకునే ఆంగ్లేయ పాఠకుడికి ఇది ఎంతో అనుకూలమైన అమరిక. వందలకొద్దీ సామెతలు నష్టపోకుండా నిలవడానికి ఇటువంటి కృషి కారణమైంది.

కాని అకారాది క్రమానికి ఒక సహజ పరిమితి ఉంది. అక్షరం ఆధారంగా పేర్చినప్పుడు సామెతకు పక్కన మరొక సామెత ఉంటుందే కాని, దానిని అన్న మనిషి ఉండడు. అన్న మనిషి లేనప్పుడు ఏదో ఒక సాధారణార్థాన్ని ఇవ్వక తప్పదు. తరువాత వచ్చిన అనేక సంకలనాలు, పరీక్షల కోసం తయారైన జాబితాలు ఈ అమరికనే అనుసరించాయి. సేకరణకు పుట్టిన పద్ధతి క్రమంగా బోధనపద్ధతిగా మారింది.

దీనికి ప్రత్యామ్నాయం ఉత్తరాంధ్రలోనే కనబడుతుంది. గురజాడ అప్పారావు 1862లో జన్మించిన రాయవరం, అంటే నేటి ఎస్. రాయవరం, 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో ఉంది. 1897లో తొలికూర్పుగా, 1909లో మలికూర్పుగా వెలువడిన కన్యాశుల్కంలో సామెతలు, పలుకుబళ్ళు పాత్రల నోటినుంచి వస్తాయి. అక్కడ ప్రతి సామెతకూ వక్త, శ్రోత, అవసరం ఉంటాయి. పాఠకుడు సామెత అర్థంతోపాటు ఆ పాత్ర దానిని ఎందుకు వాడుకుంటున్నదో కూడా గ్రహిస్తాడు.

విద్యారంగంలో వ్యావహారిక గద్యానికి చోటు కోరుతూ గురజాడ 1914లో సమర్పించిన అసమ్మతి పత్రం ఈ విషయానికి పరోక్షంగా సంబంధించినదే. 'చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటే ఏటవుద్ది?' అన్న మాటను 'హస్తములు కాలిన పిదప ఆకులు పట్టుకొనిన ఏమగును?' అని మారిస్తే పట్టికలోని అర్థం చెక్కుచెదరదు. కాని ఆ మాట అన్న మనిషి ప్రాంతం, చనువు, విసుగు అన్నీ తొలగిపోతాయి. సందర్భార్థానికి ఆధారమైనవి అవే.

4. గద్యభాగం:

ఈ పరిశీలన కోసం కూర్చిన గద్యభాగం ఇది. పాత్రలు కల్పితాలు. స్థలం అనకాపల్లి బెల్లం మార్కెట్. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఇది ఒకటి. ఇక్కడ బెల్లం దిమ్మల రూపంలో వస్తుంది. రంగును, గట్టిదనాన్ని బట్టి రకాలుగా విడదీసి ధర కడతారు. పాకం అదనుదాటి ముదిరితే రంగు నల్లబడి ధర పడిపోతుంది.

"సంక్రాంతికి పది రోజులుందనగా అప్పలనాయుడు బెల్లం దిమ్మలతో మార్కెట్టుకు చేరాడు. ఆఖరి పెనాల పాకం ముదిరిపోయి సగం దిమ్మలు నల్లబడ్డాయి. వర్తకుడు ఒక దిమ్మను గోటితో గీకి, పెదవి విరిచి, మూడో రకం ధర చెప్పాడు. నాయుడు బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. రెండేళ్ళుగా అతని ఇంటనే ఉంటున్న బావమరిది సన్యాసిరావు ఊరుకోలేక, 'పాకం కాడ నాను సెప్పినప్పుడు ఇన్నావు కాదు బావా. చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటే ఏటవుద్ది?' అన్నాడు. వర్తకుడు నవ్వి, 'ఇప్పుడేం పుట్టి మునిగిపోలేదులే నాయుడూ. పండగ ఖర్చుకు అడ్వాన్సు నేనిస్తాను కదా, వచ్చే ఏటి బెల్లం కూడా మన కొట్టుకే తెద్దువుగాని' అన్నాడు. నాయుడు కాసేపు నీళ్ళు నమిలి, 'బెల్లమున్నంతసేపే ఈగలు బాబూ' అని దిమ్మల మీద గోనె కప్పాడు. సన్యాసిరావు తల దించుకున్నాడు. వర్తకుడు ఈగలు తోలమని కళాసీకి చెప్పాడు."

5. జాతీయాల అర్థనిర్ణయం:

'పెదవి విరవడం', 'నీళ్ళు నమలడం' అనే రెండు జాతీయాలలో ముఖ్యార్థబాధ స్పష్టం. మొదటిది అసంతృప్తిని, రెండవది మాట పైకి రాని తటపటాయింపును తెలుపుతుంది. వీటికి పట్టికలోని అర్థం దాదాపు సరిపోతుంది. మిగిలిన రెండు జాతీయాలే పరీక్ష పెడతాయి.

'బెల్లం కొట్టిన రాయి' అంటే ఉలుకూ పలుకూ లేని మనిషి అని జాబితాలు చెబుతాయి. ఎన్ని దెబ్బలు పడినా రాయి స్పందించదు. బెల్లం అంటినా తీపి ఎరగదు. ఈ మాట సాధారణంగా నిందగా వినబడుతుంది. అడిగినదానికి బదులు చెప్పని పిల్లవాడినో, పట్టించుకోని ఉద్యోగినో ఇలా అంటారు. ఈ గద్యభాగంలో ఆ నిందార్థాన్ని పెట్టి చూస్తే కుదరదు. నాయుడు మందకొడి కాడు, తరువాత అతను అన్న మాటే అందుకు సాక్ష్యం. ధర చెప్పే అధికారం ఎదుటివాడిది, దిమ్మ నల్లబడిన మాట నిజం. బదులు చెప్పడానికి చోటు లేని మౌనం అది. బెల్లం పండించినవాడినే బెల్లం కొట్టిన రాయితో పోల్చడంలో, తీపి అంతా తన మీదుగా సాగిపోయినా తనకేమీ దక్కనివాడన్న ధ్వని కూడా ఉంది. ఈ ధ్వని బెల్లం మార్కెట్లోనే పుడుతుంది, తరగతి గదిలోని పిల్లవాడి విషయంలో పుట్టదు.

'పుట్టి మునగడం'లో చిక్కు మరో రకమైనది. 'పుట్టి'కి తెలుగులో రెండు ప్రసిద్ధార్థాలు ఉన్నాయి. ఒకటి ధాన్యపు కొలత, ఇరవై తూములు ఒక పుట్టి. రెండవది ఏరు దాటడానికి వాడే గుండ్రని బుట్ట పడవ. సరుకు, ధర, తూకం నడిచే స్థలం కనుక పాఠకుడు కొలత వైపు మొగ్గే ప్రమాదం ఉంది. ధాన్యం పుట్టి మునిగి తడిసిపోవడం అని ఊహించి అర్థం చెప్పేవారూ ఉండవచ్చు. మునగడం అనే క్రియకు సహజమైన కర్త పడవే కనుక ఇక్కడ పడవ అన్న అర్థమే గ్రాహ్యం. భర్తృహరి మొదలైనవారు అర్థనిర్ణయ హేతువులలో సాహచర్యాన్ని, ప్రకరణాన్ని వేరువేరుగా చెప్పడంలోని ఔచిత్యం ఇటువంటి చోట తెలుస్తుంది. ఇక్కడ స్థలం ఒక అర్థం వైపు లాగుతుంటే, పక్కనున్న క్రియ మరొక అర్థాన్ని స్థిరపరుస్తున్నది.

అంతటితో అర్థనిర్ణయం పూర్తికాదు. ఈ జాతీయం వాడుకలో రెండు విధాలుగా కనిపిస్తుంది. 'వాడు నా పుట్టి ముంచాడు' అన్నప్పుడు నష్టం ఎవరిదో స్పష్టం, మాట ఆరోపణ అవుతుంది. 'ఇప్పుడేం పుట్టి మునిగింది?', 'పుట్టి మునిగిపోలేదులే' అన్నప్పుడు ఎవరి పుట్టి అన్నది మాయమై, నష్టం చిన్నదన్న తీర్పు మాత్రం మిగులుతుంది. వర్తకుడు రెండవ రూపాన్ని ఎంచుకున్నాడు. మునిగినది తన పుట్టి కాదు కనుక ఆ తీర్పు అతనికి తేలిక. 'పెద్ద నష్టమేమీ లేదు' అని అర్థం రాస్తే పదానికి అర్థం చెప్పినట్లవుతుంది. 'నష్టపడనివాడు నష్టపడినవాడికి ఇచ్చిన ఓదార్పు' అన్నప్పుడే సందర్భార్థం పూర్తవుతుంది.

6. సామెతల అర్థనిర్ణయం:

'చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు' అనే సామెతకు జాబితాలు ఇచ్చే అర్థం నష్టం జరిగాక జాగ్రత్తపడడం. ఆకులు ఎందుకు అన్న ప్రశ్నకు మాత్రం చాలామంది విద్యార్థులు కాలిన గాయానికి మందుగా అని చెబుతారు. ఈ వివరణ సామెత తర్కాన్నే దెబ్బతీస్తుంది. చేతులు కాలాక మందు పట్టుకోవడం సరైన పనే, అందులో ఆలస్యమేమీ లేదు. కాలక ముందు మందు రాయడమే అర్థరహితం. వేడి గిన్నెను దించడానికి చేతికి అడ్డుగా పట్టుకునే ఆకులు అనుకుంటేనే 'కాలాక' అన్న పదానికి బలం వస్తుంది. ఆకు ముందు ఉండవలసిన వస్తువు, తరువాత పనికిరానిది. పట్టకారు, గుడ్డ వాడే వంటింట్లో పెరిగిన విద్యార్థికి ఆకు ఉపయోగం కనుమరుగై, తెలిసిన వస్తువైన మందు ఆ స్థానంలోకి వచ్చింది. సామెతలోని వస్తువు వాడుక తప్పినప్పుడు అర్థం నిలిచినా ఉపమానం జారిపోతుందనడానికి ఇది మంచి నిదర్శనం. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశం వంటి గ్రంథాల అవసరం సామెతల అధ్యయనానికి కూడా ఎందుకు ఉన్నదో దీనివల్ల తెలుస్తుంది.

గద్యభాగంలో ఈ సామెతకు మరొక పొర ఉంది. కాగే పాకం దగ్గర చేతులు కాలడం నిత్యం జరిగే ముప్పు. కనుక సన్యాసిరావు మాటలో ముఖ్యార్థం అసంభవం కాదు. నాయుడి చేతులు కాలినట్లు ఎక్కడా చెప్పకపోవడం, సంభాషణ ధర గురించి సాగుతుండడం అనే రెండు ఆధారాలతోనే లక్ష్యార్థం నిర్ణయమవుతుంది. పైగా ఈ సామెత ఇక్కడ హితబోధ కాదు. ధర తేలిపోయాక చెప్పిన హితం వల్ల ఉపయోగం లేదు. 'నాను సెప్పినప్పుడు' అన్న ముందు మాట దాని ప్రయోజనాన్ని బయటపెడుతుంది. వర్తకుడి ఎదుట తన తెలివిని నిరూపించుకోవడం ఆ ప్రయోజనం. ఒక విధంగా సన్యాసిరావు ఆ సామెతను అంటూనే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడు.

చివరి సామెత 'బెల్లమున్నంతసేపే ఈగలు'. కలిమి ఉన్నంతకాలమే చుట్టాలు, స్నేహితులు అన్నది ప్రసిద్ధార్థం. ఎవరిని ఉద్దేశించి అన్నదన్న ప్రశ్నకు పట్టిక జవాబివ్వదు. గద్యభాగంలో మూడు అవకాశాలు ఉన్నాయి. ఎదుట నిజంగా బెల్లం ఉంది, ఈగలూ ఉన్నాయి, నాయుడు గోనె కప్పాడు. కాబట్టి అది మామూలు మాట కావచ్చు. 'బాబూ' అన్న సంబోధన వర్తకుడికి చేసినది. అడ్వాన్సు ఇచ్చి వచ్చే ఏటి సరుకును కూడా కట్టుకోజూస్తున్న అతన్నే అన్నాడని చెప్పవచ్చు. రెండేళ్ళుగా ఇంట్లో ఉంటూ పరాయివాడి ముందు తప్పుపట్టిన బావమరిదిని అన్నాడనీ చెప్పవచ్చు.

ఇక్కడ తరువాతి వాక్యాలు సాక్ష్యమిస్తాయి. సన్యాసిరావు తల దించుకున్నాడు. మాట తనకు తగిలిందని అతను గ్రహించకపోతే ఈ వాక్యానికి కారణం లేదు. వర్తకుడు ఈగలు తోలమన్నాడు. అతను ముఖ్యార్థాన్నే తీసుకున్నాడు, లేదా తీసుకున్నట్లు నటించాడు. సంబోధన ఒకరికి, దెబ్బ మరొకరికి, తప్పించుకునే దారి మూడో అర్థంలో. నాయుడు ఎవరినీ నిందించలేదు, కాని ఇద్దరికీ బదులు చెప్పాడు. బెల్లం కొట్టిన రాయిలా నిలబడినవాడికి నోరు ఇచ్చింది ఈ సామెతే. అప్పయ్య దీక్షితులు ఛేకోక్తి అన్నది సరిగ్గా ఇటువంటి ప్రయోగాన్నే.

వర్తకుడికి అర్థమైందా లేదా అన్నది గద్యభాగం తేల్చదు. అక్కడ రెండు అర్థాలకూ చోటుందని చెప్పడమే సరైన జవాబు. ఒకటే జవాబు కోరే ప్రశ్నపత్రం ఈ విషయంలో గద్యభాగం కన్నా ఎక్కువ తెలిసినట్లు ప్రవర్తిస్తుంది.

ఒకే సామెతకు భిన్నార్థాలు కలగడం తెలుగుకే పరిమితం కాదు. 1973లో బార్బరా కిర్షెన్‌బ్లాట్ గింబ్లెట్ సామెతల అర్థంపై రాసిన వ్యాసంలో, దొర్లే రాయికి నాచు పట్టదనే ఆంగ్ల సామెతను చర్చించారు. నాచును సంపదగా భావించేవారికి అది హెచ్చరిక, బూజుగా భావించేవారికి ప్రశంస. అక్కడ అర్థం మారడానికి కారణం ఉపమానంపై ఉన్న దృష్టిభేదం. ఈ గద్యభాగంలో బెల్లం, ఈగల విషయంలో అందరి దృష్టీ ఒక్కటే. మారినదల్లా ఈగ ఎవరన్నది.

7. ముగింపు:

ఈ పరిశీలన నుంచి అర్థనిర్ణయానికి ఒక సులభమైన పరీక్షను గ్రహించవచ్చు. జాబితాలోని అర్థాన్ని సామెత స్థానంలో పెట్టి, తరువాతి వాక్యం చదవాలి. ఆ వాక్యం సహజంగా కొనసాగితే జాబితా అర్థం చాలు. తల దించుకోవడం వంటి చర్యకు కారణం దొరకకపోతే అర్థం ఇంకా అసంపూర్ణంగానే ఉందని తెలుసుకోవాలి. ఈ పరీక్షకు సామెత ముందు ఎవరు ఏమన్నారో, తరువాత ఎవరు ఏం చేశారో చెప్పే వాక్యాలు అవసరం. కాబట్టి సామెత ఉన్న ఒక్క వాక్యాన్ని మాత్రమే ఇచ్చి సందర్భార్థం అడగడం వల్ల ప్రయోజనం లేదు.

బెల్లం సామెతలు బెల్లం ఊరిలో ఎక్కువ సులభంగా అర్థమవుతాయని అనుకోవడం సహజం. ఉపమానం విషయంలో అది నిజమే. అయితే ఎదుట నిజమైన ఈగలు ఉన్నప్పుడు, అన్నది ఈగల గురించి కాదని నిర్ణయించడానికి పాఠకుడు మనుషులను చదవాలి. 1868 నాటి పట్టిక సామెతలను కాపాడింది. వాటిని అన్నవారిని కాపాడే పని గద్యభాగానిది, దానిని బోధించేవారిది.